రోజువారీ ఉద్యోగ నోటిఫికేషన్ల పోస్ట్: చూడగానే అర్థమవ్వాలి, నమ్మేలా ఉండాలి. ఎలా రాయాలి?

రీడింగ్‌రూమ్_బల్ల

మా జిల్లా గ్రంథాలయంలో చదువుకునే పిల్లల కోసం ఒక టెలిగ్రామ్ ఛానెల్, ఒక వాట్సాప్ ఛానెల్ నడుపుతున్నాను. రోజూ వచ్చే ఉద్యోగ ప్రకటనలు పెట్టడమే పని. జనం బాగానే ఉన్నారు. అయినా పోస్ట్ పెట్టిన పది నిమిషాలకే "లాస్ట్ డేట్ ఎప్పుడు?", "డిగ్రీ వాళ్లు అప్లై చేయొచ్చా?", "ఇది నిజమేనా సార్?" అని పర్సనల్‌గా మెసేజ్‌లు మొదలవుతాయి. అవన్నీ పోస్ట్‌లో ఉన్నవే.

చుట్టుపక్కల ఛానెళ్లన్నీ తిరగేశాను. ఎక్కడ చూసినా ఇదే మూస:

```
🔥🔥 బ్రేకింగ్ న్యూస్ 🔥🔥
👉 రైల్వేలో 32,000 ఉద్యోగాలు!!
👉 టెన్త్ పాసైతే చాలు
👉 పూర్తి వివరాలకు ఇక్కడ క్లిక్ చేయండి
🙏 అందరికీ షేర్ చేయండి 🙏
```

ఇలా కాకుండా, బస్సులో నిలబడి చూసేవాడికి కూడా ఒక్క చూపులో తెలిసేలా, ఇది ఉత్తుత్తి కబురు కాదని నమ్మకం కలిగేలా ఒక పద్ధతి కావాలి. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

నెట్‌సెంటర్_అన్న

తమ్ముడూ, నాది ఆన్‌లైన్ అప్లికేషన్లు పెట్టే షాపు. నువ్వు పెట్టే పోస్ట్ చివరికి నా కౌంటర్ దగ్గరికే వస్తది, ఫోన్ ముందుకు చాపి "అన్నా, ఇది పెట్టు" అంటరు. వాళ్లు అడిగే వరుస ఎప్పుడూ ఒకటే. మొదట "నాకు వస్తదా?" అంటే చదువు, వయసు. తర్వాత "ఎప్పటిదాకా ఉంది?" ఆ తర్వాత "ఫీజెంత?" ఎన్ని పోస్టులు ఉన్నయో అడిగేటోళ్లు తక్కువ. మీ పోస్టుల్లేమో మొదటి లైన్ నిండా పోస్టుల సంఖ్యే ఉంటది. 32,000 ఉంటే ఏంది, వాడి వయసు దాటిపోయినంక?

ఇంకోటి. ఫోన్ లాక్‌లో ఉన్నప్పుడు నోటిఫికేషన్ల కనిపించేది మొదటి లైనో, లైనున్నరో. ఆ జాగాల మంటల బొమ్మలు, "బ్రేకింగ్" పెడితే అసలు సంగతి లోపలే ఉండిపాయె. మొదటి లైన్ల మూడే పెట్టు: చదువు, ఉద్యోగం, చివరి తేదీ. అది చూసి పనికొచ్చేటోడు తెరుస్తడు, రానోడు తెరవడు. ఇద్దరికీ మంచిదే.

పాలకొల్లు_కుర్రోడు

నమ్మకం సంగతి చాలా సింపుల్ అండి. లింక్‌లో gov.in ఉంటే ఒరిజినల్, లేకపోతే ఫేక్. పోస్ట్‌లో ఆ లింక్ ఒక్కటి పడేస్తే ఎవడూ అడగడు.

గెజిట్_పిచ్చి

కుర్రోడు గారూ, మీరు చెప్పింది సగం దాకా సరిపోతుంది. మిగతా సగంలోనే జనం మునుగుతున్నారు.

బ్యాంకు ఉద్యోగాలకు పరీక్ష పెట్టే ఐబీపీఎస్ సైటు ibps.in. తెలంగాణ పోలీసు నియామక మండలి సైటు tgprb.in. రెండిట్లోనూ gov లేదు, రెండూ అసలువే. బ్యాంకుల సైట్లయితే రిజర్వు బ్యాంకు ఆదేశంతో 2025లో .bank.in చిరునామాలకు మారాయి. మీ సూత్రం పట్టుకుంటే ఇవన్నీ ఫేక్ లెక్కలోకి పోతాయి.

అటువైపు, దొంగ సైటు చిరునామాలో కూడా gov.in అనే అక్షరాలు ఉండొచ్చు. rrbapply.gov.in అని మొదలై, దాని వెనక చుక్క పెట్టి ఇంకో పేరు, చివర్న .com ఉంటే అది రైల్వేది కాదు, ఆ ఇంకో పేరు గలవాడిది. చిరునామాలో https:// తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీత ఎక్కడుందో చూసి, అక్కడి నుంచి వెనక్కి, అంటే కుడి నుంచి ఎడమకి చదవాలి. ఆ గీతకు ముందు ఆనుకుని ఉన్నదే అసలు యజమాని.

అందుకే పోస్ట్‌లో "ఇక్కడ క్లిక్ చేయండి" అనే మాట కింద లింక్ దాచొద్దు. టెలిగ్రామ్‌లో అలా దాచడం సులువు, అందరూ చేసేదీ అదే. చిరునామా అక్షరాలు బయటికి కనబడాలి. bit.ly లాంటి పొట్టి లింకులు అసలే వద్దు, తీసుకెళ్లి ఎక్కడ దింపుతాయో నొక్కేదాకా తెలియదు.

నా దృష్టిలో నమ్మకం లింకుతో రాదు, పోల్చి చూసుకునే వీలుతో వస్తుంది. నోటిఫికేషన్ నంబరు ఇవ్వండి. చదివేవాడు మీ లింక్ నొక్కకుండానే, తనంతట తాను ఆ సంస్థ సైటుకు వెళ్లి ఆ నంబరు వెతుక్కోగలగాలి. నంబరు లేని ఉద్యోగ పోస్ట్ నేను ఫార్వర్డ్ చేయను.

రీడింగ్‌రూమ్_బల్ల

గెజిట్ గారూ, ఒకటి నమూనాగా రాసి చూపిస్తారా? పైన పెట్టిన రైల్వేదే తీసుకుంటే బాగుంటుంది.

గెజిట్_పిచ్చి

సరే. అది 2025 జనవరిలో దరఖాస్తులు మొదలైన రైల్వే లెవల్-1, మనవాళ్లు గ్రూప్-డి అనేది. అప్పటికప్పుడు పెట్టాల్సి వస్తే ఇలా పెట్టేవాడిని:

```
టెన్త్ / ఐటీఐ · రైల్వే లెవల్-1 · ఫిబ్రవరి 22 వరకు

నోటిఫికేషన్: CEN 08/2024 (పూర్తి ప్రకటన)
పుట్టిన తేదీ 01-01-2007 లేదా ముందు. ఇంకా,
  ఓసీ, ఈడబ్ల్యూఎస్: 02-01-1989 లేదా తర్వాత
  ఓబీసీ: 02-01-1986 లేదా తర్వాత
  ఎస్సీ, ఎస్టీ: 02-01-1984 లేదా తర్వాత
దరఖాస్తు: జనవరి 23 – ఫిబ్రవరి 22, రాత్రి 11:59
ఫీజు: 500. పరీక్ష రాస్తే 400 వెనక్కి
  మహిళలు, ఎస్సీ, ఎస్టీ: 250. పరీక్ష రాస్తే మొత్తం వెనక్కి
ఖాళీలు: 32,438. దక్షిణ మధ్య రైల్వేలో 1,642
జాగ్రత్త: ఒక్క ఆర్ఆర్‌బీకే దరఖాస్తు చేయాలి
ఎక్కడ: rrbapply.gov.in

పీడీఎఫ్ చూసి రాసింది: 23 జనవరి 2025
#railway #10th
```

ఇందులో రెండు విషయాలు గమనించండి. మొదటిది, "పూర్తి ప్రకటన" అన్న మాట. ఈ ఉద్యోగాల గురించి మొదట చిన్న ప్రకటన వచ్చింది, అందులో ఖాళీలు ఉజ్జాయింపుగా 32 వేలు. వివరమైన ప్రకటనలో 32,438 అని తేలింది. చిన్న ప్రకటన చూసి రాస్తే ఆ మాటే రాయాలి: "చిన్న ప్రకటన మాత్రమే, అర్హత ఇంకా మారొచ్చు" అని. ఐటీఐ ఉండాలా, టెన్త్ చాలా అన్న గొడవ అప్పట్లో నడిచింది. చివరికి టెన్త్ లేదా ఐటీఐ లేదా అప్రెంటిస్ సర్టిఫికెట్, ఏదున్నా చాలని తేల్చారు. ఆ మధ్య రోజుల్లో తలా ఒకటి రాసిన ఛానెళ్లన్నీ "పక్కా సమాచారం" అనే రాశాయి.

రెండోది, ఫీజు. మైనారిటీలు, మాజీ సైనికులు, దివ్యాంగులు, ట్రాన్స్‌జెండర్లు, ఆర్థికంగా వెనకబడినవాళ్లు కూడా 250 లోనే వస్తారు. అదంతా పోస్ట్‌లో కుక్కలేదు. ఎక్కువమందికి తగిలేది రాసి, మిగతాది పీడీఎఫ్‌కు వదిలేశాను. దీనిమీద నాతో గొడవ పడేవాళ్లు ఉంటారని తెలుసు.

కోచింగ్_వెనకబెంచి

వయసు బదులు పుట్టిన తేదీ రాయడం సూపర్ అన్నా. "18–36, సడలింపు వర్తిస్తుంది" అని రాస్తే మా హాస్టల్లో సగం మంది వేళ్లమీద లెక్కేసుకుంటూ కూర్చుంటారు. పైగా ఏ తేదీ నాటికి అన్నది ఎవడూ రాయడు.

బీసీల దగ్గర ఇంకా తిరకాసు. రాష్ట్ర ఉద్యోగాల్లో బీసీలకు ఐదేళ్ల సడలింపు, కేంద్రంలో ఓబీసీకి మూడేళ్లే. మావాళ్లు గ్రూప్-2కి అలవాటుపడి రైల్వేలో కూడా ఐదు కలిపేసుకుంటున్నారు.

గెజిట్_పిచ్చి

అందుకే లెక్క మనమే కట్టి ఇవ్వాలి. పైన చూడండి: 2025 జనవరి 1 నాటికి గరిష్ఠం 36. ఆ రోజుకు 36 నిండి ఉండకూడదు, కాబట్టి ఓసీకి 1989 జనవరి 2 నుంచి మొదలవుతుంది. మూడేళ్లు వెనక్కి వెళ్తే ఓబీసీ, ఐదేళ్లు వెళ్తే ఎస్సీ, ఎస్టీ. చాలా ప్రకటనల్లో ఈ పట్టిక వాళ్లే ఇస్తారు, లెక్కకట్టే ముందు పీడీఎఫ్‌లో వెతకండి. మన లెక్క, వాళ్ల పట్టిక కలవకపోతే వాళ్లదే రాయండి.

ఇంకో జాగ్రత్త. రైల్వేకు "ఓబీసీ" అనే రాయాలి, "బీసీ" అని కాదు. రాష్ట్ర జాబితాలో ఉన్న కులం కేంద్ర జాబితాలో లేకపోవచ్చు, సర్టిఫికెట్ నమూనా కూడా వేరు.

చిన్నోడు_జమ్మికుంట

అన్నా నేను టెన్త్ పాస్, 2003ల పుట్టిన. rrbapply.gov.inల ఈ నోటిఫికేషన్ ఓపెన్ చేస్తే అప్లై బటన్ రాలే. సర్వర్ డౌనా? ఫిబ్రవరి 22 దాక ఉన్నది గదా.

నెట్‌సెంటర్_అన్న

తమ్మీ, అది పాతది. 2025ల అయిపోయింది. గెజిట్ సార్ నమూనాకు రాసిండు.

చిన్నోడు_జమ్మికుంట

అరె, మొదటి లైన్ల ఫిబ్రవరి 22 అని ఉంటే ఇప్పటిదే అనుకున్న. మావోడు ఆ ముక్క ఒక్కటే కాపీ చేసి గ్రూపుల పెట్టిండు.

లైబ్రరీ_మేడమ్

గెజిట్ గారూ, మీ నమూనాకు పరీక్ష ఇక్కడే జరిగిపోయింది చూశారా. తేదీ అడుగున ఉంది, సంవత్సరం మొదటి లైన్లో లేదు. ముక్క కాపీ చేయగానే అది ఏ ఏడాదిదో తెలియకుండా పోయింది.

గెజిట్_పిచ్చి

ఒప్పుకోవాల్సిందే మేడమ్. మొదటి లైన్ "ఫిబ్రవరి 22, 2025 వరకు" అని ఉండాలి. నాలుగు అంకెలకు చోటు పోదు.

ఇది ఛానెళ్లలో అసలు తలనొప్పికి తీసుకొస్తుంది. ఈ CEN 08/2024 కే గడువు పెంచారు. ఫిబ్రవరి 22 ఉన్నది మార్చి 1 అయింది, ఫీజు కట్టడానికి మార్చి 3 వరకు, తప్పులు దిద్దుకోవడానికి మార్చి 4 నుంచి 13 వరకు ఇచ్చారు. మీరు ఛానెల్లో పాత పోస్ట్ ఎడిట్ చేస్తారు, ఛానెల్లో అది మారుతుంది. కానీ అప్పటికే దాన్ని ఫార్వర్డ్ చేసుకున్న గ్రూపుల్లో ఉన్నది విడి నకలు. అది మారదు. స్క్రీన్‌షాట్ సంగతి చెప్పనక్కర్లేదు. అంటే ఎడిట్ చేసి ఊరుకుంటే, ఛానెల్ ఒకటి చెబుతుంది, ఊళ్లో తిరిగేది ఇంకొకటి చెబుతుంది. నమ్మకం పోయేది అక్కడే.

నేను రెండూ చేయమంటాను. పాత పోస్ట్‌లో పాత తేదీని చెరిపేయకుండా కొట్టివేత గీత పెట్టి, పక్కన కొత్తది. దాంతోపాటు ఒక కొత్త పోస్ట్, ఎవరు ఎక్కడ ఫార్వర్డ్ చేసినా దానంతట అది అర్థమయ్యేలా:

```
గడువు పెంచారు · రైల్వే లెవల్-1 · మార్చి 1, 2025 వరకు

CEN 08/2024: ఫిబ్రవరి 22 బదులు మార్చి 1, రాత్రి 11:59
ఫీజు కట్టడానికి: మార్చి 3 వరకు
సవరణలు: మార్చి 4 – 13
అర్హత, వయసు, ఫీజు మారలేదు
```

"మారలేదు" అన్న చివరి లైన్ వృథా కాదు. గడువు పెరిగిందంటే వయసు కూడా పెరిగిందా అని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.

పాలకొల్లు_కుర్రోడు

గడువు పెంచారని ప్రతిసారీ పుకార్లు వస్తాయి కదండి, ఏది నిజమో ఎలా తెలుస్తుంది?

గెజిట్_పిచ్చి

పెంపుకు కూడా అదే CEN నంబరు మీద విడిగా ప్రకటన వస్తుంది. సికింద్రాబాద్ వాళ్ల సైటు rrbsecunderabad.gov.in లోనో, మరో ఆర్ఆర్‌బీ సైటులోనో అది కనబడాలి. ఎవరో టైప్ చేసిన మెసేజ్, యూట్యూబ్ థంబ్‌నెయిల్, ఇవి చూసి పోస్ట్ పెట్టకూడదు. ప్రకటన కనబడేదాకా మీ ఛానెల్ ఆలస్యమైందని ఎవరన్నా తిట్టినా పడండి.

లైబ్రరీ_మేడమ్

నేను ఇంకో కోణం చెప్తాను. నాకు చూపు లేదు, ఫోన్ టాక్‌బ్యాక్‌తో వింటాను. ఉద్యోగాల ఛానెళ్లు నాలాంటి వాళ్లకు ఎలా వినబడతాయో మీలో ఎవరికీ తెలియదనుకుంటా. మొదట్లో పెట్టిన ఆ పోస్ట్ "నిప్పు, నిప్పు, బ్రేకింగ్ న్యూస్, నిప్పు, నిప్పు, కుడివైపు చూపుతున్న చెయ్యి" అంటూ మొదలవుతుంది. ప్రతి లైన్‌కీ ఆ చెయ్యి. సగంలోనే విసుగొచ్చి వదిలేస్తాను.

దానికన్నా ఘోరం, లావు ఇంగ్లిష్ అక్షరాలు అని ఏవో వెబ్‌సైట్ల నుంచి తెచ్చి అతికిస్తారే, అవి నిజానికి అక్షరాలు కావు, గణిత చిహ్నాలు. చదివే సాఫ్ట్‌వేర్ వాటిని ఒక్కోసారి ఒక్కో చిహ్నంగా పలుకుతుంది, ఒక్కోసారి దాటేస్తుంది. వెతుకులాటలో కూడా దొరకవు. బోల్డ్ కావాలంటే యాప్‌లో ఉన్న బోల్డే వాడండి. వాట్సాప్‌లో మాటకు అటూ ఇటూ ఒక్కో నక్షత్రం, టెలిగ్రామ్‌లో రెండేసి. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి కాపీ చేసేటప్పుడు ఇది సరిచూసుకోకపోతే నక్షత్రాలు బయటికే కనబడతాయి.

మొత్తం సమాచారం ఒక పోస్టర్ బొమ్మలో పెట్టి కింద "షేర్ చేయండి" అని రాసేవాళ్ల గురించి నేనేం చెప్పను. దివ్యాంగుల కోటా ఉద్యోగాలు కూడా అలాగే బొమ్మలో పెడుతున్నారు.

రీడింగ్‌రూమ్_బల్ల

మేడమ్, ఒక్క ఎమోజీ కూడా వద్దంటారా? లైన్ల మొదట చిన్న గుర్తులుంటే కళ్లున్నవాళ్లకు వెతుక్కోవడం తేలిక కదా.

లైబ్రరీ_మేడమ్

ఒకటి రెండు ఉంటే నేను భరిస్తాను. కానీ గుర్తు చేసే పనిని "ఫీజు:", "ఎక్కడ:" అనే మాటలే చేస్తున్నాయి కదా. ఎప్పుడూ అదే మాట, అదే వరుస. రోజూ చూసేవాడి కన్ను నేరుగా అక్కడికే పోతుంది, నా చెవి కూడా.

కోచింగ్_వెనకబెంచి

ఎమోజీ లేకపోతే ఛానెల్ మరీ ప్రభుత్వ ఆఫీసు నోటీసు బోర్డులా ఉంటుంది మేడమ్, మా బ్యాచ్ తెరవదు. చివరి తేదీ దగ్గర ఒక్క గంట గుర్తుకన్నా ఒప్పుకోండి.

నెట్‌సెంటర్_అన్న

బొమ్మ విషయంల ఇంకో సంగతి. టెలిగ్రామ్‌ల బొమ్మ కింద రాసే క్యాప్షన్‌కు మామూలు ఖాతాల 1,024 అక్షరాలే. వట్టి మెసేజ్‌కు 4,096. బొమ్మ పెట్టిన్రంటే రాత తగ్గించాలె. ఆ రైల్వే నమూనా తెలుగుల రాస్తే గుణింతాలు కూడా లెక్కల పడతయి. బొమ్మ తీసేస్తే ఏ ఇబ్బంది ఉండదు.

జగిత్యాల_రమణక్క

మీరందరూ సర్కారు కొలువుల గురించే మాట్లాడుతున్నరు. మా దిక్కు పిల్లలు చూసేది గల్ఫ్ పోస్టులు. మా అక్క కొడుకుకు ఒక ఛానెల్ల "దుబాయ్, డ్రైవర్, వీసా ఫ్రీ, ఇంటర్వ్యూ రేపే" అని వచ్చింది. ఫోన్ నంబర్ ఒక్కటే ఉన్నది, ఆఫీసు పేరు లేదు. పైసలు కట్టినంక ఆ నంబర్ బంద్. గసొంటి పోస్టులు మీ పద్ధతిల ఎట్ల రాస్తరు? నోటిఫికేషన్ నంబర్ అనేదే ఉండదాయె.

గెజిట్_పిచ్చి

అక్కా, నంబరు ఉంటుంది, వాళ్లు రాయరు అంతే. విదేశాలకు మనుషుల్ని పంపే ఏజెంటుకు కేంద్ర విదేశాంగ శాఖ ఇచ్చిన లైసెన్సు ఉండాలి. emigrate.gov.in లో ఆ ఏజెంటు పేరు కొట్టి, లైసెన్సు నడుస్తోందో లేదో చూడొచ్చు. ఏజెంటు తీసుకోదగ్గ సర్వీసు ఛార్జీకి 30 వేలు, ఆపై జీఎస్టీ అని హద్దు కూడా ఉంది. కాబట్టి గల్ఫ్ పోస్ట్‌లో "నోటిఫికేషన్" ఉన్న చోట "ఏజెంటు పేరు, లైసెన్సు నంబరు" రావాలి. అవి లేకపోతే ఛానెల్లో ఆ పోస్టే రాకూడదు. తెలంగాణలో ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా విదేశీ ఉద్యోగాలకు పంపుతుంది, వాళ్ల ప్రకటనలైతే వాళ్ల సైటులో పోల్చుకోవచ్చు.

మీ అక్క కొడుకు డబ్బు కట్టి ఎక్కువ రోజులు కాకపోతే వెంటనే 1930కి ఫోన్ చేయమనండి, cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టమనండి. ఆన్‌లైన్‌లో పంపిన డబ్బయితే ఎంత తొందరగా చెబితే అంత మంచిది.

జగిత్యాల_రమణక్క

చేతికిచ్చిన్రు సార్, సగం ఫోన్‌పేల, సగం చేతికి. చూస్త.

పాలకొల్లు_కుర్రోడు

నాకో డౌటు. ప్రైవేటు కంపెనీల వాక్-ఇన్‌లు, ఔట్‌సోర్సింగ్ పోస్టులు? వాటికి పీడీఎఫ్ ఉండదు, సైటు ఉండదు. పెట్టకపోతే ఛానెల్ ఖాళీ.

రీడింగ్‌రూమ్_బల్ల

నా బాధ కూడా అదే. రోజూ పెద్ద నోటిఫికేషన్లు రావు కదా.

నెట్‌సెంటర్_అన్న

రాని రోజు "ఈరోజు కొత్తవి లేవు, గడువు దగ్గరపడ్డవి ఇవి" అని నాలుగు లైన్లు పెట్టు. అది కూడా పనికొచ్చేదే. నా దగ్గరికి చివరి రోజు సాయంత్రం వచ్చేటోళ్లే ఎక్కువ, ఆ వేళకు సర్వర్ కదలదు.

గెజిట్_పిచ్చి

ప్రైవేటువి పెట్టొద్దని నేననను. కానీ కింద ఉన్న ఆ ఒక్క లైను నిజాయితీగా ఉండాలి. "పీడీఎఫ్ చూసి రాసింది" అని రైల్వేకు రాస్తే, దీనికి "కంపెనీ కెరీర్స్ పేజీలో చూశాం" అనో, "కంపెనీకి ఫోన్ చేసి అడిగాం" అనో, "పేపర్ ప్రకటన చూశాం, మేం సరిచూడలేదు" అనో రాయాలి. ఏం చూశారో చెప్పండి. "100% జెన్యూన్" అనే మాట మాత్రం వద్దు, దొంగ పోస్టులన్నిట్లోనూ ఉండేది అదే.

కోచింగ్_వెనకబెంచి

"మేం సరిచూడలేదు" అని రాసి పోస్ట్ పెట్టడం ఏంటన్నా, సరిచూడకపోతే పెట్టకూడదు. పెట్టాక జనం ఆ లైన్ చదువుతారా? ఫోన్ నంబర్ చూసి కాల్ చేస్తారు.

లైబ్రరీ_మేడమ్

నేను వెనకబెంచి వైపు.

గెజిట్_పిచ్చి

జిల్లా ఉపాధి కార్యాలయం పెట్టే మేళాలో ఏ కంపెనీ వస్తుందో నేను ఫోన్ చేసి కనుక్కోలేను. అది చెప్పకుండా ఆపేస్తే వెళ్లాల్సినవాడు వెళ్లడు. ఇక్కడ మనకు కుదరదు, వదిలేద్దాం.

రీడింగ్‌రూమ్_బల్ల

ఇంకో రెండు అడిగి ఆపేస్తాను. రోజుకు అన్నీ కలిపి ఒకే పోస్టా, ఒక్కోదానికి ఒక్కో పోస్టా? పాత పోస్టులు దొరికేదెలా?

నెట్‌సెంటర్_అన్న

ఒక్కోదానికి ఒకటి. అన్నీ కలిపితే ఎవరూ ఫార్వర్డ్ చేయరు, చేసినా అందులోంచి వాళ్లకు కావల్సింది ముక్క కోసి పెడతరు, ఇందాక జమ్మికుంట తమ్ముని కథే.

కోచింగ్_వెనకబెంచి

వాట్సాప్‌లో అలా ఒక్కోటి పెడితే రోజంతా టింగు టింగు. నేనైతే మ్యూట్ చేస్తా. అక్కడ సాయంత్రం ఒక్కటే పోస్ట్, మొదటి లైన్లు మాత్రమే ఒకదాని కింద ఒకటి. వాట్సాప్‌లో పొడుగు పోస్ట్ "ఇంకా చదవండి" దగ్గర తెగిపోతుంది కాబట్టి చివరి తేదీ దగ్గరున్నది పైన పెట్టాలి.

గెజిట్_పిచ్చి

రెండు చోట్లా రెండు పద్ధతులు, నాకూ అదే నచ్చింది. టెలిగ్రామ్‌లో ఒక్కో నోటిఫికేషన్‌కు ఒక పోస్ట్, పైన ఒక పిన్ చేసిన జాబితా. ట్యాగులు తక్కువ పెట్టుకుని ఎప్పుడూ అవే వాడండి: చదువుకు ఒకటి, శాఖకు ఒకటి. #10th నొక్కితే ఛానెల్లో టెన్త్ పోస్టులన్నీ వరుసగా రావాలి. ఈరోజు #10th, రేపు #tenth, ఎల్లుండి #ssc అంటే పనికిరాదు. పైగా #ssc అంటే టెన్తా, స్టాఫ్ సెలెక్షన్ కమిషనా?

పిన్ చేసిన జాబితాలో చిరునామాలు అప్పుడప్పుడూ సరిచూడండి. స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ 2024 ఫిబ్రవరిలో ssc.nic.in నుంచి ssc.gov.in కి మారింది, పాత సైటులో చేసుకున్న వన్ టైమ్ రిజిస్ట్రేషన్ కొత్తదాంట్లో మళ్లీ చేసుకోవాల్సి వచ్చింది. అదే ఏడాది టీఎస్‌పీఎస్సీ పేరు టీజీపీఎస్సీ అయింది. పాత చిరునామాలే పిన్ చేసి పెట్టుకున్న ఛానెళ్లు ఇంకా ఉన్నాయి.

పాలకొల్లు_కుర్రోడు

మరి ఖర్చుల సంగతి? యాడ్స్ వచ్చే పొట్టి లింకులు పెడితే నాలుగు రూపాయలు వస్తాయి కదండి. అవన్నీ వద్దంటే ఊరికే ఎవరు చేస్తారు?

గెజిట్_పిచ్చి

యాడ్ పెట్టుకోండి, విడి పోస్ట్‌గా, "ప్రకటన" అని మొదటి లైన్లో రాసి. దరఖాస్తు లింక్‌ను మాత్రం యాడ్ల గుండా తిప్పొద్దు. ఉద్యోగం కోసం నొక్కినవాడు మూడు పేజీలు దాటి వెళ్లాల్సి వస్తే, మధ్యలో ఒక దొంగ "అప్లై నౌ" బటన్ నొక్కేస్తాడు.

పాలకొల్లు_కుర్రోడు

కోచింగ్ సెంటర్ యాడ్స్ కూడానా?

లైబ్రరీ_మేడమ్

నోటిఫికేషన్ పోస్ట్ లోపల వద్దు. బయట మీ ఇష్టం.

రీడింగ్‌రూమ్_బల్ల

అందరికీ థాంక్స్. మొదటి లైన్లో చదువు, ఉద్యోగం, సంవత్సరంతో సహా తేదీ. కింద ఎప్పుడూ అవే మాటలు, అదే వరుస. పొట్టి లింకులు తీసేస్తున్నాను. రేపటి నుంచి మొదలు. ఎమోజీ ఒక్కటి ఉంచుతాను మేడమ్, చివరి తేదీ దగ్గర.

లైబ్రరీ_మేడమ్

"గంట" అని వినబడుతుంది. సరే, కానివ్వండి.

చిన్నోడు_జమ్మికుంట

మీ ఛానెల్ లింక్ పెట్టు అన్నా. మా గ్రూపుల పెట్టిన ఆ ముక్క తీసేసిన. అప్పటికే రెండు గ్రూపులకు పోయిందట, అక్కడ కూడా చెప్తున్న.